పే స్లిప్ లెక్క కలుస్తోందా? గ్రాస్ నుంచి బ్యాంకులో పడిన జీతం దాకా మెట్టు మెట్టుగా సరిచూసే పద్ధతి

"అన్నా, నలభై వేల జీతం అన్నారు, బ్యాంకులో ముప్ఫై వేలే పడింది. మిగతా పది వేలు ఎటు పోయాయి?"

ఇది మా పిన్ని కొడుకు అడిగిన ప్రశ్న. హైదరాబాద్‌లో ఒక ప్రైవేటు కంపెనీలో పని చేస్తున్నాడు. నేను చాలా ఏళ్లు పేరోల్ పని చేసినవాణ్ని కాబట్టి ఇలాంటి ప్రశ్నలు నాకు నెల మొదటి వారంలో వస్తూనే ఉంటాయి. చాలామంది స్లిప్‌లో కింద ఉన్న కూడికలు సరిగ్గా ఉన్నాయో లేదో చూసి వదిలేస్తారు. కూడిక తప్పడం అరుదు, దాన్ని సాఫ్ట్‌వేరే చేస్తుంది. తప్పు ఉంటే ఆ కూడికలోకి వెళ్లిన అంకెల్లో ఉంటుంది. మా తమ్ముడి స్లిప్‌లో కూడికలన్నీ సరిగ్గా కలిశాయి, అయినా ఒక తప్పు దొరికింది. అందుకే ఆ స్లిప్‌నే ముందు పెట్టుకుని మొత్తం పద్ధతి చెబుతాను.

## 1. ముందుగా దగ్గర పెట్టుకోవాల్సినవి

పే స్లిప్ ఒక్కటే పట్టుకుని కూర్చుంటే సగం పనే అవుతుంది. దాన్ని పోల్చడానికి బయటి కాగితాలు కావాలి.

- ఆఫర్ లెటర్‌తో ఇచ్చిన జీతం అనెక్సర్. జీతం పెరిగి ఉంటే చివరి ఇంక్రిమెంట్ లెటర్.
- ఈ నెల స్లిప్, దాంతో పాటు ఎలాంటి సెలవు కోతా లేని ఒక పూర్తి నెల స్లిప్.
- హాజరు పోర్టల్‌లో ఈ నెలదీ, కిందటి నెలదీ రికార్డు.
- జీతం పడిన రోజు బ్యాంకు స్టేట్‌మెంట్.
- పీఎఫ్ పాస్‌బుక్. ఇది వెంటనే దొరకదు. ఒక నెల పీఎఫ్ కట్టడానికి కంపెనీకి తర్వాతి నెల 15వ తేదీ దాకా గడువు ఉంటుంది కాబట్టి ఆ తర్వాతే చూడండి.
- అడ్వాన్సు, లోన్, ఇన్సూరెన్స్ లాంటివి తీసుకుని ఉంటే వాటి మంజూరు మెయిల్.

పూర్తి నెల స్లిప్ ఎందుకంటే, చాలా స్లిప్‌లలో ఆ నెల ఇచ్చిన మొత్తమే ఉంటుంది, పూర్తి నెలకి రావాల్సింది ఉండదు. రెండు కాలమ్‌లూ ఉంటే మీ పని తేలిక.

## 2. ఉదాహరణ స్లిప్

ఇది 2025 జూలై నెలది. నెలలో 31 రోజులు, జీతం ఇచ్చిన రోజులు 29, లాస్ ఆఫ్ పే 2.

| రాబడి | పూర్తి నెలకి | ఈ నెల |
|---|---|---|
| బేసిక్ | 18,600 | 17,400 |
| హెచ్‌ఆర్‌ఏ | 7,440 | 6,960 |
| కన్వేయన్స్ | 1,550 | 1,450 |
| స్పెషల్ అలవెన్స్ | 9,610 | 8,990 |
| షిఫ్ట్ అలవెన్స్ | – | 1,500 |
| మొత్తం | 37,200 | 36,300 |

| కటింగులు | ఈ నెల |
|---|---|
| పీఎఫ్ | 2,232 |
| ప్రొఫెషనల్ ట్యాక్స్ | 200 |
| హెల్త్ ఇన్సూరెన్స్ | 450 |
| జీతం అడ్వాన్సు | 3,000 |
| మొత్తం | 5,882 |

చేతికి వచ్చేది 30,418. బ్యాంకులో పడింది కూడా సరిగ్గా 30,418.

కిందికి వెళ్లే ముందు ఒకసారి మీరే చూడండి, తప్పు కనిపిస్తుందేమో.

## 3. సీటీసీని గ్రాస్ దాకా దించండి

తమ్ముడు చెప్పిన నలభై వేలు ఎక్కడిది? ఆఫర్ లెటర్‌లో సంవత్సరానికి 4,83,924 అని ఉంది. దాన్ని 12తో భాగిస్తే 40,327. అదే తన జీతమని వాడి లెక్క. కానీ అది సీటీసీ, అంటే కంపెనీకి వాడి మీద అయ్యే ఖర్చు. అందులో వాడి చేతికి నెలనెలా రాని రెండు ముక్కలు ఉన్నాయి.

మొదటిది కంపెనీ వేసే పీఎఫ్ వాటా, బేసిక్ 18,600 మీద 12 శాతం, అంటే 2,232. రెండోది గ్రాట్యుటీ కోసం పక్కన పెట్టినట్టు చూపించే 895. ఇది బేసిక్‌లో 4.81 శాతం. ఏడాది సర్వీసుకి 15 రోజుల జీతం చొప్పున, నెలకి 26 పనిదినాలుగా లెక్క వేస్తే వచ్చే శాతం అది. ఈ రెండూ తీసేస్తే:

40,327 − 2,232 − 895 = 37,200

స్లిప్‌లో పూర్తి నెల గ్రాస్ ఇదే. ఇక్కడిదాకా కలిసింది.

మీ అనెక్సర్‌లో ఇంకా కొన్ని ఉండొచ్చు. కంపెనీ కట్టే గ్రూప్ ఇన్సూరెన్స్ ప్రీమియం, ఏడాదికోసారి ఇచ్చే వేరియబుల్ పే, ఫుడ్ కార్డు డబ్బు లాంటివి. ఒక్కొక్కదాని పక్కన "నెలనెలా జీతంతో వస్తుందా, రాదా" అని పెన్సిల్‌తో రాసుకోండి. రానివన్నీ తీసేయగా మిగిలేదే మీరు స్లిప్‌తో పోల్చాల్సిన గ్రాస్. దీన్ని తేల్చుకోకుండా ముందుకి వెళితే తర్వాతి లెక్కలన్నీ తప్పుతాయి.

కొన్ని కంపెనీలు తమ పీఎఫ్ వాటాను కూడా స్లిప్‌లో చూపిస్తాయి. రాబడిలో ఒకసారి కలిపి, కటింగుల్లో ఒకసారి తీసేస్తే చేతికి వచ్చేదానిలో తేడా ఉండదు. కటింగుల్లో మాత్రమే ఉండి రాబడిలో లేకపోతే మాత్రం కంపెనీ వాటాను మీ జీతంలోంచి కోస్తున్నట్టే. పీఎఫ్ స్కీమ్ నిబంధనలు దాన్ని ఒప్పుకోవు.

## 4. సెలవు కోత: రోజులు, భాజకం, నిష్పత్తి

స్లిప్‌లలో తేడాలు ఎక్కువగా పుట్టేది ఇక్కడే. కాబట్టి నిదానంగా చూద్దాం.

తమ్ముడికి వచ్చిన రెండో అనుమానం, గ్రాస్ 37,200 అయితే స్లిప్‌లో మొత్తం 36,300 ఉందేమిటని. తేడా 900. "ఒక్క రోజే కదా సెలవు పెట్టాను, దానికి తొమ్మిది వందలు పట్టుకున్నట్టున్నారు" అనుకున్నాడు. నిజానికి పట్టుకున్నది 900 కాదు, 2,400. షిఫ్ట్ అలవెన్స్ 1,500 కలవడంతో తేడా 900గా కనిపిస్తోంది. అందుకే మొత్తాన్ని మొత్తంతో పోల్చొద్దు. నెలనెలా మారే అలవెన్స్‌లు, ఇన్సెంటివ్‌లు, ఎరియర్స్ అన్నీ ముందు పక్కకి తీసేసి, స్థిరంగా ఉండే వరసలను మాత్రమే పూర్తి నెల అంకెలతో పోల్చండి.

రోజుల సంఖ్య. స్లిప్‌లో రెండు రోజుల లాస్ ఆఫ్ పే ఉంది. తమ్ముడికి గుర్తున్నది జూలై 14, సోమవారం ఒక్కటే. పోర్టల్ తెరిస్తే రెండోది జూన్ 27. వాళ్ల కంపెనీలో హాజరు లెక్క 26వ తేదీ నుంచి తర్వాతి నెల 25 దాకా నడుస్తుంది. జూన్ 25 తర్వాత పెట్టిన సెలవు జూన్ జీతంలో కాకుండా జూలై జీతంలో కోతకి వచ్చింది. చాలా కంపెనీలు ఇలాగే ఏదో ఒక తేదీ దగ్గర గీత గీస్తాయి. మీ కంపెనీది ఏ తేదీయో తెలుసుకోకుండా రోజులు లెక్కపెట్టకండి.

రోజులు రెండుకి బదులు నాలుగు కనిపిస్తే మధ్యలో శని, ఆదివారాలు పడ్డాయేమో చూడండి. శుక్రవారం, సోమవారం రెండూ సెలవు పెడితే నడుమ వారాంతాన్ని కూడా కోసే సాండ్‌విచ్ రూల్ కొన్ని చోట్ల ఉంటుంది. అది లీవ్ పాలసీలో రాసి ఉంటేనే చెల్లుతుందని అడగండి.

భాజకం. ఒక రోజు జీతం ఎంత అనేది దేనితో భాగిస్తున్నారన్న దాని మీద ఉంటుంది. 37,200ని 31తో భాగిస్తే 1,200. 30తో అయితే 1,240. 26తో అయితే 1,431 దాకా పోతుంది. తమ్ముడి కంపెనీ ఆ నెలలో ఎన్ని రోజులుంటే అన్నిటితో భాగిస్తుంది. రెండు రోజులకి 2,400 అన్నమాట.

ఈ పద్ధతిలో ఫిబ్రవరిలో పెట్టిన సెలవు కాస్త ఖరీదు. 28తో భాగిస్తే ఇదే జీతానికి రోజుకి దాదాపు 1,329 పోతుంది. అది తప్పు కాదు, ఆ పద్ధతి అంతే. కానీ జూలైలో 30తోనూ, ఫిబ్రవరిలో 28తోనూ భాగిస్తే మాత్రం ఎప్పుడూ నష్టం మీకే పడుతుంది. అందుకే పాత స్లిప్‌లో సెలవు కోత ఉన్న ఇంకో నెల తీసి, అక్కడ కూడా ఇదే పద్ధతి వాడారా అని చూడండి.

నిష్పత్తి. ఇప్పుడు ప్రతి వరసనీ విడిగా చూడాలి. ఈ నెల అంకెను పూర్తి నెల అంకెతో భాగించండి. 29ని 31తో భాగిస్తే 0.935 వస్తుంది. బేసిక్ 17,400ని 18,600తో భాగించినా అదే. హెచ్‌ఆర్‌ఏ, కన్వేయన్స్, స్పెషల్ అలవెన్స్ మూడూ అంతే. నాలుగూ ఒకే నిష్పత్తిలో తగ్గాయంటే కోత సరిగ్గా పడింది. ఏదైనా ఒక వరస 0.90 దగ్గర ఉంటే దాని మీద వేలు పెట్టి అడగండి. పైసలు రూపాయికి సవరించడం వల్ల రూపాయి అటూ ఇటూ అయితే పట్టించుకోవద్దు.

ఎక్సెల్‌లో చేసేవాళ్లు పూర్తి నెల అంకెలు B కాలమ్‌లో, స్లిప్‌లో ఉన్నవి C కాలమ్‌లో వేసుకుని, D2లో ఇది రాసి కిందికి లాగితే చాలు. సున్నా రాని వరస దగ్గర ఆగండి.

```
=C2-ROUND(B2*29/31,0)
```

ఇక షిఫ్ట్ అలవెన్స్ 1,500. వాళ్ల దగ్గర రాత్రి షిఫ్టుకి 150 చొప్పున ఇస్తారు. పోర్టల్‌లో రాత్రి షిఫ్టులు పది ఉన్నాయి. సరిపోయింది. ఇలాంటి మారే అలవెన్స్‌ని ఎప్పుడూ యూనిట్లు, రేటు అని విడగొట్టి చూడండి.

## 5. పీఎఫ్: అంకెను వెనక్కి తిప్పి చూడండి

పీఎఫ్ సరిచూడటానికి నేను వాడే చిన్న ఉపాయం ఇది. కోసిన పీఎఫ్‌ని 12తో భాగించి 100తో గుణించండి. ఏ మొత్తం మీద లెక్క వేశారో అదే బయటపడుతుంది.

తమ్ముడి పీఎఫ్ 2,232. వెనక్కి తిప్పితే 18,600. అది పూర్తి నెల బేసిక్. కానీ ఈ నెల వాడికి ఇచ్చిన బేసిక్ 17,400 మాత్రమే. దాని మీద 12 శాతం అంటే 2,088 రావాలి. 144 రూపాయలు ఎక్కువ కోశారు.

స్లిప్‌లో తప్పు ఇదే. కటింగుల కూడిక సరిగ్గానే ఉంది, నికర జీతం బ్యాంకుతో కలిసింది, అయినా ఈ ఒక్క అంకె సెలవు కోతకి ముందు లెక్క వేసినది.

మీ స్లిప్‌లో వెనక్కి తిప్పితే వచ్చే జవాబును బట్టి ఇలా అర్థం చేసుకోండి:

- 15,000 వస్తే, అంటే పీఎఫ్ 1,800 అయితే, కంపెనీ చట్టబద్ధ పరిమితి దాకానే కడుతోంది. బేసిక్ ఎంత ఎక్కువున్నా ఇది మామూలే. సెలవు కోత తర్వాత కూడా బేసిక్ 15,000 పైనే ఉంటే 1,800 మారదు.
- ఈ నెల బేసిక్ వస్తే అంతా సరే.
- పూర్తి నెల బేసిక్ వస్తే తమ్ముడి కేసే.
- బేసిక్ కంటే ఎక్కువ వస్తే స్పెషల్ అలవెన్స్ కూడా కలిపారేమో చూడండి. అందరికీ ఒకేలా ఇచ్చే అలవెన్స్‌లను పీఎఫ్ లెక్కలోంచి తప్పించకూడదని 2019 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు చెప్పింది. బేసిక్ 9,000, స్పెషల్ అలవెన్స్ 4,000 ఉన్నవారికి 13,000 మీద 1,560 కోయడం అందుకే. హెచ్‌ఆర్‌ఏ మాత్రం ఇందులో కలవదు.

ఇంకో మాట. ఇది 2025 జూలై స్లిప్. ఆ ఏడాది నవంబర్ 21న కొత్త కార్మిక కోడ్‌లు అమల్లోకి వచ్చాయి, వాటిలో వేతనం అన్న మాటకి నిర్వచనం మారింది. ఆ తర్వాత మీ కంపెనీ బేసిక్, అలవెన్స్‌ల పంపకం మార్చి ఉంటే పాత అనెక్సర్‌తో పోల్చి కంగారు పడకండి, కొత్తది అడిగి తీసుకోండి.

## 6. మిగతా కటింగులు

ప్రొఫెషనల్ ట్యాక్స్. తెలంగాణలోనూ ఆంధ్రప్రదేశ్‌లోనూ జీతగాళ్లకి ఒకటే లెక్క: నెలకి 15,000 దాకా లేదు, 15,001 నుంచి 20,000 దాకా 150, ఆపైన 200. తమ్ముడికి 200 సరే. పని చేసే రాష్ట్రం లెక్క వర్తిస్తుంది కాబట్టి పుణేకో చెన్నైకో బదిలీ అయినవాళ్లకి వేరుగా ఉంటుంది. మహారాష్ట్రలో ఫిబ్రవరికి 300 పడుతుంది, తమిళనాడులో ఆరు నెలలకోసారి లెక్క. ఆ నెలల్లో ఒక్కసారిగా అంకె మారితే భయపడక్కర్లేదు.

ఈఎస్‌ఐ. నెల జీతం 21,000 దాకా ఉన్నవారికే. ఉద్యోగి వాటా 0.75 శాతం, పైసలు వస్తే పై రూపాయికి పెంచుతారు. 17,250 జీతానికి 129.38 వస్తుంది, స్లిప్‌లో 130 ఉంటుంది. ఇంక్రిమెంట్ వచ్చి 21,000 దాటాక కూడా కోస్తున్నారని చాలామంది గొడవ పడతారు. ఏప్రిల్ నుంచి సెప్టెంబర్, అక్టోబర్ నుంచి మార్చి అని రెండు కాలాలున్నాయి. మధ్యలో జీతం పెరిగినా ఆ కాలం ముగిసేదాకా ఈఎస్‌ఐ కొనసాగుతుంది, అదీ పెరిగిన జీతం మీదే. తమ్ముడికి ఇది వర్తించదు.

టీడీఎస్. 2025–26లో కొత్త పన్ను విధానంలో ఉన్నవారికి ఇతర ఆదాయం లేకుండా జీతం 12,75,000 దాకా ఉంటే పన్ను పడదు. తమ్ముడి జీతం ఏడాదికి నాలుగున్నర లక్షల లోపే, కాబట్టి స్లిప్‌లో ఆ వరస లేకపోవడం సరే. ఉండకూడని చోట కనిపిస్తే ముందుగా మీరు పోర్టల్‌లో ఏ పన్ను విధానం ఎంచుకున్నారో, పాత కంపెనీ జీతం ఎంత చూపించారో చూసుకోండి.

ఇన్సూరెన్స్. అమ్మని గ్రూప్ పాలసీలో చేర్చాడు. ఏడాదికి 5,400, పన్నెండు వాయిదాలు, నెలకి 450. మంజూరు మెయిల్‌తో కలిసింది.

అడ్వాన్సు. ఏప్రిల్‌లో 15,000 తీసుకున్నాడు. మే నుంచి నెలకి 3,000 చొప్పున ఐదు నెలలు. జూలైది మూడో వాయిదా, ఇంకా 6,000 మిగలాలి. స్లిప్‌లో బాకీ నిల్వ చూపించకపోతే మీరే ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి. వాయిదాలు అయిపోయాక కూడా కోత ఆగకుండా ఇంకో నెల పడటం నేను చాలాసార్లు చూశాను. ఎవరూ కావాలని చేయరు, ఆపే తేదీ వేయడం మర్చిపోతారు.

## 7. మెట్ల కాగితం

ఇప్పుడు దొరికినవన్నీ ఒకదాని కింద ఒకటి రాయండి. నా దగ్గరికి వచ్చినవాళ్లందరితో నేను ఇదే రాయిస్తాను.

| మెట్టు | స్లిప్ ప్రకారం | ఉండాల్సింది |
|---|---|---|
| సీటీసీ, నెలకి | 40,327 | 40,327 |
| కంపెనీ పీఎఫ్, గ్రాట్యుటీ తీసివేత | 3,127 | 3,127 |
| పూర్తి నెల గ్రాస్ | 37,200 | 37,200 |
| రెండు రోజుల కోత | 2,400 | 2,400 |
| షిఫ్ట్ అలవెన్స్ కలపాలి | 1,500 | 1,500 |
| ఈ నెల రాబడి | 36,300 | 36,300 |
| పీఎఫ్ | 2,232 | 2,088 |
| మిగతా కటింగులు | 3,650 | 3,650 |
| చేతికి | 30,418 | 30,562 |

"పది వేలు ఎటు పోయాయి" అన్నదానికి జవాబు ఈ కాగితంలోనే ఉంది. 40,327కీ 30,418కీ మధ్య 9,909 తేడా. అందులో 9,765కి లెక్క ఉంది. లేనిది 144.

బ్యాంకులో పడింది స్లిప్ కంటే ఎక్కువగా ఉంటే ప్రయాణ ఖర్చుల రీయింబర్స్‌మెంట్ కలిసిందేమో చూడండి. తక్కువగా ఉంటే స్లిప్ తయారయ్యాక ఏదో మార్చారని అర్థం, మారిన స్లిప్ అడగండి.

## 8. పీఎఫ్ పాస్‌బుక్‌తో చివరి సరిచూత

144 ఎక్కువ కోశారని తేలగానే మెయిల్ కొట్టేయొద్దు. ఆ డబ్బు ఎక్కడుందో ముందు చూడాలి. దాన్ని బట్టి అడిగే మాట మారుతుంది.

ఒకవేళ పాస్‌బుక్‌లో జూలైకి ఉద్యోగి వాటా 2,232 అని ఉంటే, ఆ 144 మీ పీఎఫ్ ఖాతాలోనే ఉంది. నష్టం లేదు, ఖర్చు పెట్టుకోలేరంతే. పాస్‌బుక్‌లో 2,088 ఉండి స్లిప్‌లో 2,232 కోసి ఉంటే, ఆ 144 మీ దగ్గరా లేదు, పీఎఫ్‌లోనూ లేదు. కంపెనీ దగ్గరే ఉండిపోయింది.

ఆగస్టు 15 దాటాక తమ్ముడి పాస్‌బుక్ తెరిచాం. జూలై వేతన నెల ఎదురుగా ఉద్యోగి వాటా 2,088, కంపెనీ వాటా 838, పెన్షన్ 1,250 అని ఉంది.

ఇక్కడ వాడు ఇంకో చోట ఉలిక్కిపడ్డాడు. "కంపెనీ 838 మాత్రమే వేసిందేంటన్నా?" అన్నాడు. ఇది పాస్‌బుక్ చూసిన ప్రతివాళ్లకీ వచ్చే టెన్షన్. కంపెనీ వాటా కూడా 2,088. అందులోంచి 15,000 మీద 8.33 శాతం, అంటే 1,250, పెన్షన్ ఖాతాకి పోతుంది. మిగిలిన 838 పీఎఫ్‌లో పడుతుంది. రెండూ కలిపి చూడండి, ఉద్యోగి వాటాతో సమానం కావాలి. 2014 సెప్టెంబర్ 1 తర్వాత మొదటిసారి పీఎఫ్‌లో చేరి, అప్పటికే పీఎఫ్ వేతనం 15,000 దాటినవారికి పెన్షన్ కాలమ్ సున్నా ఉంటుంది, మొత్తం పీఎఫ్‌లోకే వస్తుంది. మావాడు అంతకు ముందు తక్కువ జీతంతో చేరినవాడు కాబట్టి పెన్షన్ ఉంది.

పాస్‌బుక్‌లో అసలు ఆ నెల వరసే లేకపోతే వారం ఆగి మళ్లీ చూడండి. అప్పటికీ లేకపోతే స్లిప్ కాపీ దాచుకుని రాతపూర్వకంగా అడగండి.

## 9. అడిగే పద్ధతి

"నా జీతం తక్కువ వచ్చింది, చూడండి" అని రాస్తే "సిస్టమ్ జెనరేటెడ్ అండి, సరిగ్గానే ఉంది" అని జవాబు వస్తుంది. నేను కూడా ఒకప్పుడు ఆ జవాబు పంపినవాణ్నే. రోజుకి యాభై మెయిళ్లు వచ్చే టేబుల్ దగ్గర, అంకె చెప్పని మెయిల్ కిందికి జారిపోతుంది. తమ్ముడి చేత ఇలా రాయించాను:

> జూలై స్లిప్‌లో జీతం ఇచ్చిన రోజులు 29, బేసిక్ 17,400. దాని మీద పీఎఫ్ 2,088 రావాలి. స్లిప్‌లో 2,232 కోశారు. ఇది పూర్తి నెల బేసిక్ 18,600 మీద లెక్క. పీఎఫ్ పాస్‌బుక్‌లో 2,088 జమ అయింది. తేడా 144 ఆగస్టు జీతంలో విడిగా ఒక వరసలో వాపసు ఇవ్వగలరు. స్లిప్, పాస్‌బుక్ కాపీలు జత చేశాను.

మర్నాడే జవాబు వచ్చింది. స్లిప్‌లు తయారయ్యాక చివరి నిమిషంలో సెలవు రోజులు ఎక్కించారట. రాబడి వరసలు మారాయి, పీఎఫ్ వరసను మాత్రం మళ్లీ లెక్క వేయలేదు. పీఎఫ్ చలానా ఆ తర్వాత సరైన అంకెలతో తయారైంది.

మెయిల్ పంపే ముందు ఇవి చూసుకోండి:

- ఏ నెల, ఏ వరస, ఎంత ఉంది, ఎంత ఉండాలి. నాలుగూ రాశారా?
- ఉండాల్సిన అంకె ఎలా వచ్చిందో ఒక వాక్యంలో చెప్పారా?
- హాజరు తేడా అయితే సెలవు మంజూరైన మెయిల్ జత చేశారా?
- రెండు మూడు తేడాలుంటే విడివిడిగా నంబర్లు వేశారా?
- వాపసు విడి వరసలో చూపించమని అడిగారా?

## 10. తర్వాతి నెల స్లిప్ కూడా చూడండి

చివరి ప్రశ్న ఎందుకు పెట్టానో ఆగస్టు స్లిప్ వచ్చాక తెలిసింది. ఆగస్టులో సెలవులేమీ లేవు, బేసిక్ పూర్తిగా 18,600. పీఎఫ్ 2,232 ఉండాలి. స్లిప్‌లో 2,088 అని ఉంది. విడి వరస ఇవ్వమని అడిగినా, వాళ్లు 144ని పీఎఫ్ అంకెలోంచే తగ్గించేశారు.

డబ్బు లెక్క సరిపోయింది. కానీ ఆరు నెలల తర్వాత ఎవరైనా ఆ స్లిప్ చూస్తే పీఎఫ్ తక్కువ కోశారనుకుంటారు. వెనక్కి తిప్పే ఉపాయం వాడితే 17,400 వచ్చి ఇంకో అనుమానం మొదలవుతుంది. ఆగస్టు పాస్‌బుక్‌లో ఉద్యోగి వాటా పూర్తిగా 2,232 పడితేనే సర్దుబాటు సరిగ్గా జరిగినట్టు. 2,088 పడితే తప్పును సరిదిద్దబోయి ఇంకో తప్పు చేసినట్టు.

వాపసును కొందరు రాబడిలో "ఇతర చెల్లింపులు" అని వేస్తారు. అప్పుడు ఆ నెల గ్రాస్ 144 పెరిగి, ఏడాది చివర ఫారం 16లో జీతం ఆ మేరకు ఎక్కువగా కనిపిస్తుంది. 144కి ఎవరూ పట్టించుకోరు గానీ ఐదారు వేల వాపసు అయితే కటింగుల వైపు మైనస్ వరసగా వేయమని అడగడమే మంచిది.

సెప్టెంబర్ 15 దాటాక పాస్‌బుక్ చూశాం. ఆగస్టు ఎదురుగా 2,232, 982, 1,250. తమ్ముడు జూలై స్లిప్ వెనక పెన్సిల్‌తో "144 వచ్చింది" అని రాసి ఫైల్లో పెట్టాడు. అడ్వాన్సు చివరి వాయిదా సెప్టెంబర్‌ది కాబట్టి, అక్టోబర్ స్లిప్‌లో ఆ వరస ఉండకూడదని దాని కిందే ఇంకో లైను రాయించాను.